వంగని మోకాలు, ఒక తప్పుడు వాక్యం

నేను వ్యాయామాలు చేయడం లేదని రాశారు. అది అబద్ధం.

రాసింది ఇక్కడి ఎడిన్‌బర్గ్ ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. మన గుంటూరు వైపు అమ్మాయే. నాకు కుడి మోకాలు మార్చి అప్పటికి ఆరు వారాలు. జీపీకి, అంటే మా పేట డాక్టరుకి, పంపిన ఉత్తరం నకలు నాకూ వచ్చింది. వాపు ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని, మోకాలు డెబ్బై రెండు డిగ్రీలే వంగుతోందని, ఇంటి దగ్గర వ్యాయామాలు చేస్తున్నట్టు కనబడలేదని అందులో ఉంది. ఇంకో నాలుగు వారాల్లో తొంభై దాటకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచే సంగతి సర్జన్‌తో మాట్లాడతామని కింద మరో వాక్యం. అంటే మళ్ళీ ఆపరేషన్ థియేటర్, మళ్ళీ ఆ బల్ల. ఆ వాక్యం చదివాక ఆ పూట అన్నం సయించలేదు.

చేయకపోవడమేమిటి? రోజుకు నాలుగు విడతలు చేశాను. పడుకుని పాదాలు పైకీ కిందకీ ఆడించేవాణ్ణి. తొడ బిగించి ఐదు లెక్కపెట్టేవాణ్ణి. మడమ కింద ప్లాస్టిక్ సంచి వేసుకుని, మంచం మీద జారుస్తూ కాలు వెనక్కి లాక్కునేవాణ్ణి. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ప్రతిదీ ఒక నోటుబుక్కులో గీతలు గీసి రాసుకున్నాను.

ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ ఏడే, చివరి బెంచీలో కూర్చునివున్న నన్ను చూడకుండా మేష్టారు ఆబ్సెంటు వేశారు. అరవై ఐదేళ్ళయింది, నేనింకా మరిచిపోలేదు. తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నది ఈ ఊరి బస్సు డిపో క్యాంటీన్లో, డ్రైవర్లు వదిలేసిన పేపర్లు చదివి. ఆ ఇంగ్లీషుతోనే ఆ అమ్మాయికి రెండు పేజీల ఉత్తరం రాశాను. నోటుబుక్కు మొత్తం లైబ్రరీలో జిరాక్స్ తీయించి జతచేశాను.

మా ఆవిడ చూస్తూ ఊరుకోదు కదా. "మోకాలికి లేని చురుకు చేతికొచ్చింది. రాయండి, రాయండి. ఆ పిల్ల హడలిపోతుంది, మోకాలు దానంతటదే వంగిపోతుంది."

వారం తిరక్కుండా రమ్మని ఫోను వచ్చింది. ఇద్దరం వెళ్ళాం. ఆ అమ్మాయి బల్ల మీద నా కాగితాలు, వాటి మీద పసుపు రంగు గీతలు.

"అంకుల్, ఇవన్నీ మీరే చేశారా?"

"నా బదులు మా ఆవిడ చేస్తుందా?"

"సారీ అంకుల్. నిజంగా చేశారు. నేనడక్కుండా రాసేశాను." తరవాత వేలితో ఒక గడి చూపించింది. "కానీ ఇదేంటి? పొద్దున, సాయంత్రం... హాట్ సాల్ట్ బ్యాగ్?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అందుకుంది. "ఉప్పు కాపడమమ్మా. పెనం మీద కళ్ళుప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి పెడుతున్నా. వాపు దిగాలి కదా."

"అయ్యో ఆంటీ! మా అమ్మమ్మా ఇంతే. వేడి పెడితే అక్కడికి ఇంకా రక్తం చేరి వాపు పెరుగుతుంది. వాపున్న మోకాలు ఎలా వంగుతుంది? ఐస్ పెట్టమని చెప్పాం కదా."

"మంచు పెడితే కీళ్ళు బిగుసుకుపోతాయేమో అనుకున్నాం," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

ఇంకో తప్పు కూడా దొరికింది. ఉత్తరం వచ్చిన రోజు నుంచి కోపంతో ప్రతి వ్యాయామమూ రెట్టింపు చేస్తున్నాను. దానికీ వాపే జవాబు. పైగా హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటున్నాను. అలా పడుకుంటే కాలు పూర్తిగా చాపడం రాదట. దిండు మడమ కిందికి మారింది.

ఇంటికొచ్చి పద్ధతి మార్చాం. ఫ్రీజర్‌లో బఠాణీల ప్యాకెట్టు టవల్లో చుట్టి పదిహేను నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. కాలు గుండెకంటే ఎత్తున పెట్టుకుని పడక. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామం, చెప్పినన్నే. "ఆ బఠాణీలు ఇక కూరకి పనికిరావు," అని మా ఆవిడ వాటి మీద నా పేరు రాసిపెట్టింది. పది రోజులకి మోకాలి చిప్ప అంచు మళ్ళీ కనబడింది. మేజోడు నేనే తొడుక్కున్నాను. మెట్లు దిగేటప్పుడు మా ఆవిడ భుజం అడగలేదు.

పదో వారం కొలతలో తొంభై ఆరు. అమ్మాయి కొలబద్ద నాకే చూపించింది. మూడో నెలాఖరుకి నూట పది దాటాలంది. దాటుతుంది.

నాలుగు రోజులకి జీపీకి రాసిన కొత్త ఉత్తరం నకలు తపాలాలో వచ్చింది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది:

"ఆరో వారంలో నేను రాసిన వాక్యం తప్పు, దయచేసి సవరించండి. ఈయన వ్యాయామాలు ఒక్క రోజూ మానలేదు, కొన్నాళ్ళు చెప్పినదానికంటే ఎక్కువే చేశారు. వాపు తగ్గింది, మోకాలు తొంభై ఆరు డిగ్రీలు వంగుతోంది. మత్తిచ్చి వంచాల్సిన అవసరం లేదు."