దొరమ్మగారి పుల్లలు

కుట్లు అల్లికల టీచరుగా బందరులో రిటైరైన కృపాకుమారికి పేరు తెలియని సూది లేదు. చెయ్యి పెట్టనివ్వని బుట్ట మాత్రం ఒకటుంది. అది అత్తగారిది. పెళ్ళయి అవనిగడ్డ వచ్చిన కొత్తల్లో ఒకసారి మూత తీయబోతే, దేవమ్మ కూర్చున్నచోటి నుంచే అంది: "అందులో దొరమ్మగారి పుల్లలున్నాయి. ముట్టుకోకు."

మిషన్ దొరమ్మ సీమ నుంచి తెప్పించి దేవమ్మకు బహుమతిగా ఇచ్చిన స్వెట్టరు పుల్లలట. దివిసీమ ఉక్కపోతలో స్వెట్టరు ఎవరికని ఎవరూ అడగలేదు. చంటిపిల్లల టోపీలు, మేజోళ్ళు అల్లి దేవమ్మ ఊరంతా పంచేది. కోడలి సర్టిఫికెట్టు సంగతి ఎవరైనా ఎత్తితే, కాగితంతో మేజోడు రాదు కదా అనేది.

దేవమ్మ పోయాక బుట్ట మనవడు, కృపాకుమారి బావగారి కొడుకు ప్రేమ్ సాగర్ ఇంట్లో అటకెక్కింది. ఇప్పుడు వాళ్ళ చర్చికి వందేళ్ళు నిండుతున్నాయి. పాత వస్తువులన్నీ బల్లమీద పేర్చి, పక్కన పేర్లు రాసి పెట్టాలన్నారు. ప్రేమ్ సాగర్ భార్య రమ్య బుట్టలోవన్నీ ఒక్క గుట్టగా పోసి ఫోటో తీసి కృపాకుమారికి పంపింది.

కృపాకుమారి ఆ ఫోటో వంక చాలాసేపు చూసింది. ముట్టుకోనివ్వని బుట్ట ఆమె అరచేతిలోకి వచ్చింది, అదీ పేర్లు పెట్టమని బతిమాలుతూ. వెంటనే పేర్లు చెబితే ఏం మర్యాద. తెల్లగుడ్డ పరిచి ఒక్కోటీ విడిగా తియ్యమంది. పక్కన రూపాయి బిళ్ళ పెట్టమంది, లేకపోతే సైజు తెలియదు. కొసలు దగ్గరగా తియ్యమంది.

రమ్య పుట్టిల్లు మగ్గాల ఊరు పెడన. పడవలా ఉన్న చిన్న బిళ్ళను బొమ్మమగ్గం నాడె అనుకుంది. దారం చుట్టి వేళ్ళమీద ముడులేసి లేసు చేసే టాటింగ్ షటిలని కృపాకుమారి చెప్పింది. పప్పుగుత్తి అనుకున్న చెక్క పుట్టగొడుగు మేజోడులో దూర్చి చిరుగును రఫూ చేసుకునేది. పొడుగాటి తలపిన్నులా ఉన్నది లేసల్లే ఫోర్కు. కొక్కెం సూదులు రెండింటికీ మొనలు చూడమంది. మొన గుండ్రంగా ఉన్నది క్రోషా సూది, చెక్కపిడితో వాడిగా ఉన్నది ఫ్రేముకు బిగించిన గుడ్డను పొడిచి కుట్టే ఆరీ సూది.

చివరికి పుల్లలు వచ్చాయి. సన్నటి ఉక్కు పుల్లలు, ఒక కొసన సానపట్టిన మొన, రెండో కొసన ఇత్తడి బొడిపె. చూడబోతే పద్నాలుగో నంబరు పుల్లంత సన్నం. నంబరు సాధారణంగా బొడిపె మీదే ఉంటుంది కనుక దాన్ని దగ్గరగా తియ్యమంది.

నంబరు లేదు. బొడిపె నెత్తిమీద ఒక గాడి ఉంది, స్క్రూడ్రైవరు పట్టేంత. పక్కలు పలకలుగా ఉన్నాయి.

కృపాకుమారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది సైకిలు స్పోకు. వంపు కోసేసి, ఆ కొసను అరగదీసి, కుట్లు జారకుండా రెండో కొసన స్పోకును రిమ్ముకు బిగించే ఇత్తడి నిప్పిలు అలాగే ఉంచేశారు. కొనలేని ఇళ్ళలో ఆడపిల్లలు అల్లిక నేర్చుకున్న పుల్లలు ఇలాంటివే. కృపాకుమారీ ఇలాంటివాటితోనే నేర్చుకుంది, ఎవరికీ చెప్పలేదు గాని.

ఆ పూట అన్నం ఎక్కువ తింది. తర్వాత ప్రేమ్ సాగర్‌కు ఫోన్ చేసి నింపాదిగా చెప్పింది.

"ఖాయమేనా పిన్నీ? అందరికీ దొరమ్మగారివనే చెప్పుకున్నాం."

"ఫోటో నువ్వే చూసుకోరా. లేదంటే నీ సైకిలు చక్రం చూసుకో."

"ఉన్నదున్నట్టే రాయిస్తాలే," అన్నాడు వాడు.

పండగనాడు కృపాకుమారి మంచి చీర కట్టుకుని అవనిగడ్డ వెళ్ళింది. బల్లమీద షటిలు, పుట్టగొడుగు, ఫోర్కు, అన్నీ ఆమె చెప్పిన పేర్లతో ఉన్నాయి. నడుమ ఎర్ర మఖమల్ మీద పుల్లలు. ముందున్న అట్టమీద పెద్ద అక్షరాలు: దొరమ్మగారి సైకిలు స్పోకులు. ఆమె ఊరూరా తొక్కిన సైకిలువేనని పాస్టరుగారు అప్పటికే ప్రకటించేశారట.

కృపాకుమారి ప్రేమ్ సాగర్ వైపు చూసింది. వాడు అట్ట సర్దుతున్నాడు.

అప్పుడే రమ్య వచ్చి, "ఇంత శ్రమపడి పేర్లు చెప్పారు. పండగయ్యాక బుట్ట మీరే తీసుకెళ్ళండి అత్తయ్యగారూ," అంది. దాన్ని బల్లకింద నుంచి తీసి ఆమె చేతుల్లో పెట్టింది. అనుకున్నంత బరువు లేదు.

కృపాకుమారి ఒక పుల్ల తీసి మొనను చీరచెంగు మీద రాసింది. ఒక్క పోగు కూడా దానికి తగులుకోలేదు. అత్తగారు బట్టలుతికే బండమీద ఎన్నాళ్ళు అరగదీసిందో, మహాతల్లి. పుల్లను మళ్ళీ మఖమల్ మీద తిన్నగా పెట్టింది.

ముదినేపల్లి నుంచి వచ్చిన ఒకావిడ వంగి అట్ట చదివి, నిజంగా దొరమ్మగారివేనా అని అడుగుతూ పుల్లమీదికి చెయ్యి చాపింది.

"దొరమ్మగారివేనండీ," అంది కృపాకుమారి. "ముట్టుకోకండి."