రహ్మాన్ సార్ మార్చిన పద్దెనిమిది

జనగామలో డిగ్రీ పిల్లలకు ఇరవై తొమ్మిదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్న రహ్మాన్ సార్‌కు పాఠం చెప్పడం ఉద్యోగం, ఇంకొకరి ఇంగ్లీషు దిద్దడం వ్యసనం. పెళ్లి పత్రిక ఇచ్చి భోజనానికి రమ్మంటే ముందు జేబులోంచి ఎర్ర పెన్ను తీసేవాడు. ఆయన భార్య గుల్షన్ బేగం దీన్ని సిగరెట్ అలవాటుతో సమానంగా చూసేది, ఏమీ అనేది కాదు.

ఈ వ్యసనానికి ఒక కారణముంది. ఎమ్మేలో చేరిన కొత్తలో సెమినార్‌లో ఆయన నోరు తెరిచేసరికి వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. తెలుగు మాట్లాడితే తెలంగాణ యాస అని నవ్వారు, ఇంగ్లీషు మాట్లాడితే అందులోనూ అదే యాస అని నవ్వారు. ఆ అవమానం ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు. కసిగా చదివాడు. తాను రాసింది చూస్తే ఏ ఊరివాడు రాశాడో, ఏ మతం వాడు రాశాడో, అసలు మనిషే రాశాడో లేదో తెలియకూడదన్నంత నున్నగా రాయడం నేర్చుకున్నాడు. చుట్టుపక్కల పరిశోధక విద్యార్థులు తమ వ్యాసాలు తెస్తే వాటినీ అంతే నున్నగా చేసి పంపేవాడు. ఎవరూ తిరిగి వచ్చి ఇదేంటని అడగలేదు. అడిగేంత ధైర్యం చేయలేదేమోనన్న అనుమానం ఆయనకు రాలేదు.

2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, భూపాలపల్లిలో బొగ్గు గనుల కార్మికులు పనిలోకి దిగడం లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. సార్ ఉదయం లెక్చరర్ల సమ్మె టెంటులో కూర్చుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఎర్ర పెన్ను పట్టుకునేవాడు. ఆ రోజుల్లోనే గీత వ్యాసం ఆయన చేతికొచ్చింది.

గీతది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. తండ్రి మాన్‌సింగ్ మిరప రైతు. సార్ మధ్యలో కొన్నాళ్లు బదిలీ మీద మహబూబాబాద్‌లో పనిచేసినప్పుడు ఇంటర్‌లో ఆమెకు పాఠం చెప్పాడు. ఇప్పుడామె మిరపకు వచ్చే ఆకుముడత రోగం మీద పరిశోధన చేస్తోంది. ఎనిమిది ఊళ్లు, ఊరికి మూడు చొప్పున ఇరవై నాలుగు మళ్లు, ఒక్కో మడిలో వంద మొక్కలు. నాటినప్పటి నుంచి కోత దాకా అయిదు విడతలు తిరిగి, ఎన్ని మొక్కలకు రోగం సోకిందో, ఆకు మీద తెల్లదోమలెన్నో లెక్కపెట్టింది. దాన్ని వ్యాసంగా రాసి ఉత్తరాదిలోని ఒక పత్రికకు పంపితే, విషయం బాగుంది కానీ భాష బాగాలేదు, ఇంగ్లీషు బాగా వచ్చినవారితో దిద్దించి నెల రోజుల్లో పంపమని జవాబొచ్చింది. వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నట్టు కాగితం చూపిస్తే తప్ప విశ్వవిద్యాలయం సిద్ధాంత గ్రంథం తీసుకోదు. దానికి గడువు డిసెంబరు. అంటే ఈ వ్యాసం నిలిస్తే ఆమె ఆరేళ్ల చదువు నిలుస్తుంది.

సార్ నాలుగు రోజులు కూర్చున్నాడు. ఆయనకు పండగలా ఉంది. వాక్యం వాక్యం విప్పి మళ్లీ కుట్టాడు. ఐదో రోజు గీత ఫోన్ చేసి, తమ దగ్గర నాలుగు రోజులుగా నెట్ లేదనీ, గడువు రేపటితో అయిపోతోందనీ, జనగామ నుంచే పంపేయమనీ కోరింది. ఒకసారి నువ్వు చూసుకోవా అని సార్ అడగడమైతే అడిగాడు. మీరు చూసినంక నేను చూసుడేంది సార్ అందామె. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. కరెంటు వచ్చిన గంటలో నెట్ సెంటర్‌కు వెళ్లి పత్రికకు పంపి, ఆమెకూ ఒక ప్రతి పంపాడు. కింద కృతజ్ఞతల్లో తన పేరు చూసుకుని కొంచెం సేపు సంతోషపడ్డాడు.

మూడో రోజు పొద్దున గీత తన తమ్ముడు దినేశ్ బండి మీద తొర్రూరు, పాలకుర్తి దాటుకుని జనగామలో దిగింది. మొహం నిండా దుమ్ము. గుల్షన్ బేగం ఇచ్చిన నీళ్లు తాగి, సంచిలోంచి అచ్చు తీసిన కాగితాలు బల్ల మీద పెట్టింది.

"సార్, మొత్తం సదివిన. ఇంగ్లీషు మస్తున్నది. కని గిది నా పేపర్ గాదు" అంది.

సార్‌కు చురుక్కుమంది. అయినా కూర్చోమన్నాడు. ఆమె మొదటి పేజీ తీసింది. రోగం ఎన్ని మొక్కలకు సోకిందో చెప్పే మాటను ఆమె ఆ పేజీలో ఏడుసార్లు వాడింది. ఒకే మాట ఏడుసార్లు వస్తే చెవికి మోటుగా ఉందని సార్ మూడు చోట్ల దాన్ని రోగ తీవ్రత అని మార్చాడు. తరగతిలో అలాగే నేర్పాడు కూడా. వందలో ఎన్ని మొక్కలకు జబ్బు అన్నది ఒకటి, ఒక్కో మొక్కకు ఎంత జబ్బు అన్నది ఇంకొకటి, రెండోది తాను కొలవనే లేదని గీత చెప్పింది. కొలవనిదాన్ని కొలిచినట్టు రాస్తే పట్టికలో అంకెలకు అర్థమే ఉండదట. తమ శాస్త్రంలో ఒక వస్తువుకు ఒకే మాట, అది వందసార్లు వచ్చినా సరేనట.

ఇంకో చోట, దోమలు ఎక్కువున్న మళ్లలో రోగం కూడా ఎక్కువ కనిపించిందని ఆమె రాసింది. ఆ వాక్యం పిరికిగా ఉందని సార్ దోమల వల్లే రోగం పెరిగిందని రాశాడు. దోమ రోగాన్ని మోస్తుందని అందరికీ తెలిసిందే కదా అన్నాడు. తెలిసినా, ఈ లెక్కతో తాను రుజువు చేసింది రెండూ కలిసి పెరిగాయని మాత్రమేనని గీత అంది. పొలం గట్ల పక్కనున్న మొక్కలకే ముందుగా ముడత వస్తుందని రైతులు తమకు చెప్పారనీ, తర్వాత తాము చూసినా అలాగే ఉందనీ రాసిన వాక్యంలో రైతులు మాయమై, కనుగొన్నది తామేనన్నట్టు తయారైంది. ఆ రైతుల్లో మాన్‌సింగ్ ఒకడు.

సార్ వీటిని కొంత వాదించాడు, కొంత ఒప్పుకున్నాడు. ఇవన్నీ సవరించుకోవచ్చులే అన్న ధీమాతోనే ఉన్నాడు. అప్పుడు గీత ఆరో పేజీ తీసి ఒక అంకె మీద వేలు పెట్టింది.

నాలుగో విడతలో చూసిన మళ్లు ఇరవై నాలుగు అని ఉంది. ఆమె రాసింది పద్దెనిమిది.

ఆ విడత 2009 డిసెంబరులో పడింది. ఉద్యమంతో ఊరూరా బందులు, రాస్తారోకోలు. మహదేవపూర్ దిక్కునున్న రెండు ఊళ్లకు బస్సుల్లేవు, గీత భూపాలపల్లి దాకా వెళ్లి అక్కడి నుంచి వెనక్కి వచ్చేసింది. బందు వల్ల ఆ రెండు ఊళ్ల ఆరు మళ్ల లెక్క లేదనీ, ఖాళీలను ఊహతో నింపలేదనీ ఆమె తన ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసింది. ఆ రెండు వాక్యాలనూ సార్ కొట్టేశాడు. ఎక్కడో ఢిల్లీలో కూర్చుని చదివేవాడు బందు మాట కనబడగానే, వీళ్లు పని ఎగ్గొట్టి సాకు చెబుతున్నారనుకుంటాడని భయపడ్డాడు. రోజూ ఉద్యమం టెంటులో కూర్చునే మనిషే ఉద్యమం మాటను వ్యాసంలోంచి తీసేశాడు. అది తీసేశాక పద్దెనిమిది అన్న అంకె ఒంటరిగా మిగిలింది. మిగతా నాలుగు విడతల్లో ఇరవై నాలుగుంటే ఇక్కడ పద్దెనిమిదేమిటి, టైపు తప్పు అనుకుని సరిచేశాడు. ఒక్క ఫోన్ చేసి అడిగితే అయిపోయేది. ఆయనకు అడగాలని తోచలేదు. దిద్దేవాడు అడగడమేమిటి?

"మేం పోలే సార్ ఆ ఊర్లకు. పోనిది పోయినట్టు అచ్చయితే నా మొత్తం లెక్క అబద్ధమైతది. రేపు ఎవలన్న కాయితాలు చూపియ్యుమంటే ఆరు మళ్లు ఏడికెల్లి తేవాలె?" అంది గీత. గొంతు పెంచలేదు.

సార్‌కు సిగ్గేసింది. వెనక బెంచీ నవ్వు విన్ననాటి సిగ్గు కన్నా ఇది ఎక్కువ, ఎందుకంటే దీన్ని ఇంకెవరి మీదా నెట్టే వీలు లేదు.

సరే, సవరించిన ప్రతి ఇంకొకటి చడీచప్పుడు లేకుండా పంపేద్దాం అన్నాడు. గీత తల అడ్డంగా ఊపింది. పంపిన తర్వాత అంకె మారితే తానే లెక్కలు మారుస్తోందని పత్రికవాళ్లు అనుకుంటారంది. అది నిజమే. సార్ ఒక తెల్లకాగితం తీసుకుని పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాడు. భాష సవరించే క్రమంలో పొరపాటు జరిగిందని, చింతిస్తున్నామని, ఎంతో అందంగా, ఎక్కడా తడబడకుండా రాశాడు. గీత దాన్ని రెండుసార్లు చదివింది.

"ఎవలు మార్చిన్రో గిందుల లేదు సార్."

ఆమె ఆయన్ను నిలదీయడానికి అనలేదు. నిజంగానే వెతికింది, దొరకలేదు. సార్‌కు ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచి లాభం లేదు: పేరు రాస్తే ఈ సంగతి నలుగురికీ తెలుస్తుంది, ఇక ఎవరూ వ్యాసాలు తీసుకురారు. ఇరవై తొమ్మిదేళ్ల పేరు. లోపలి గదిలో గుల్షన్ బేగం గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, కానీ ఏం జరుగుతోందో అర్థమైనట్టుంది.

సార్ ఆ కాగితం మడిచి పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. ఈసారి మూడు వాక్యాలే. ఈ వ్యాసం ఇంగ్లీషు దిద్దింది నేను. రచయిత్రిని అడగకుండా ఫలానా అంకెను మార్చాను, ఫలానా వాక్యాలు తీసేశాను, ఫలానా మాటల అర్థం మార్చాను. ఆమె రాసిందే సరైనది. కింద పేరు, కాలేజీ, ఫోన్ నంబరు. అందులో అందం లేదు. గీత మొదట రాసిన వ్యాసాన్నీ జతచేసి, పన్నెండింటికి కరెంటు వచ్చాక నెట్ సెంటర్‌లో టైపు చేసి పంపారు.

కృతజ్ఞతల్లోంచి నా పేరు తీసెయ్యి బిడ్డా అన్నాడు సార్. ఉండనియ్యుండి సార్, మళ్ల దిద్దే పని మీరే చెయ్యాలె గద అంది గీత. అది మన్నించడమో, పని అప్పగించడమో ఆయనకు తేలలేదు.

మూడు గంటలకు జవాబొచ్చింది. సంపాదకుడు రెండే ముక్కలు రాశాడు. ముందే చెప్పినందుకు సంతోషం. రెండోసారి దిద్ది పంపిన వ్యాసాన్ని పక్కన పెడుతున్నాం, సరైన ప్రతి శుక్రవారం లోపల పంపండి. అది బుధవారం. తిరిగి వెళ్లి మళ్లీ రావడానికి బస్సుల్లేవు, బండి మీదైతే ఉన్న సమయం దారిలోనే పోతుంది. దినేశ్‌ను తండాకు పంపేసి, గీత అక్కడే గుల్షన్ బేగం దగ్గర ఉండిపోయింది.

సార్ ఆ రోజు టెంటుకు వెళ్లనే లేదు. బల్లకు ఇవతల కుర్చీలో తను, అవతల కుర్చీలో గీత. ఆమె మొదట రాసిన వ్యాసం మధ్యలో ఉంది, తప్పులతో, గతుకులతో, ఆమె మాటలతో. ఆయన ఎర్ర పెన్ను తీశాడు, మూత తీయలేదు. మొదటి వాక్యం పైకి చదివాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఏ విద్యార్థినీ అడగని మాట అడిగాడు.

"గిక్కడ నువ్వేం చెప్పాలనుకున్నవ్, బిడ్డా?"

గీత చెప్పడం మొదలుపెట్టింది. ఆయన విన్నాడు.