మూగ మెట్టు

ఉత్తరాలు ఆదివారం ప్రార్థన అవగానే పంచింది ఎసినామ్. అప్పటినుంచి ఆమెకు మొక్కజొన్న పిండితో వండిన అక్‌ప్లే ముద్ద గొంతు దిగడం లేదు. హో అనే ఆ పట్టణంలో పియానో నేర్పే ఒంటరి ఆడమనిషికి పిల్లల తల్లిదండ్రులే అన్నదాతలు. వాళ్లకే కోపం తెప్పించేలా రాసింది.

"ఇన్నాళ్లూ మీ పిల్లలు నా వేళ్లను చూసి వాయించారు, విని కాదు. ఇకనుంచి ముందు వింటారు, తర్వాత పాడతారు, ఆపైనే పియానో మెట్లు ముట్టుకుంటారు. కొన్నాళ్లు ఇంట్లో వినిపించడానికి పాటలుండవు. ఓపిక పట్టండి."

కారణం కూడా దాచలేదు. ఆమె ఇంటి కీబోర్డులో ఒక మెట్టు ఎప్పుడో మూగబోయింది. అలవాటుగా ఆమె వేలు దాన్ని దాటేసేది. పంటల పండుగనాడు చర్చిలోని మంచి పియానో మీద పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అదే మెట్టు దాటేశారు. పాడేవాళ్లు అక్కడే తడబడ్డారు. పిల్లల్లో ఒక్కరికీ ఏదో తగ్గిందని తెలియలేదు.

మంగళవారం క్లాసుకు పిల్లలందరిలో సేనా ఒక్కతే వచ్చింది. వెనకే వాళ్ల నాన్న, కలప వ్యాపారి దోత్సే, ఉత్తరం మడిచి పట్టుకుని వచ్చాడు.

"ఏంటమ్మా టీచరమ్మా, పాడ్డానికైతే మా అమ్మ లేదా? ఊరికే నేర్పుద్ది. పియానో పరీక్ష దగ్గరికొస్తుంటే ఈ ఆటలేంటి? పిల్లని తీసుకుపోతున్నా."

"ఈ ఒక్క పూట చూడండి అన్నా. తర్వాత మీ ఇష్టం." ఎసినామ్ బతిమాలింది.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు, చెప్పులు కూడా విప్పలేదు. ఎసినామ్ డో స్వరం మోగించి, పిల్లలెవరికీ నేర్పని ఒక పాట మొదటి వరుస పాడింది. సేనా తిరిగి పాడింది. తర్వాత వెతుక్కుంటూ వాయించింది. ఒకటి తప్పింది, మొహం చిట్లించి తనే దిద్దుకుంది. అంతలో మూగ మెట్టు వచ్చింది. నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. పిల్ల తల ఎత్తకుండానే ఆ స్వరాన్ని "లా" అని నోటితో పాడేసి, వేళ్లతో ముందుకు సాగింది.

"అక్కడ అది ఉందని నీకెవరు చెప్పారే?" అన్నాడు దోత్సే.

"ఎవరూ చెప్పలేదు నాన్నా. అది లేకపోతే బాలేదు."

ఆయన ఉత్తరాన్ని జేబులో పెట్టుకున్నాడు. "పరీక్ష పాసవుద్దా?"

అవుతుందనేస్తే సరిపోయేది. "తెలీదన్నా," అంది భయపడుతూనే.

"సర్లే. వచ్చే మంగళవారం కూడా తీసుకొస్తా. మిగతావాళ్ల సంగతి మాత్రం నన్నడక్కు, సంతలో నిన్ను తెగ తిట్టుకుంటున్నారు."

వాళ్లు వెళ్లాక ఎసినామ్ ఖాళీ బల్లల మధ్య కూర్చుంది. భయం ఎక్కడికీ పోలేదు. అయినా పంటల పండుగనాటి పాటే ఎత్తుకుంది. మూగ మెట్టును ఈసారి దాటలేదు. నొక్కి, ఆ స్వరాన్ని తనే పాడింది.