నాయన ఎరుపు

నా స్నేహితుడు బతికున్నంత కాలం ఆ రంగును తానే పోగొట్టుకున్నానని నమ్మాడు. పోగొట్టింది నేను. అతను పోయిన తర్వాత ఇది రాయడం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా అతని భార్యకు తెలియాలి.

రెండు వేల ఏడో ఎనిమిదో సంవత్సరం. తిరుపతిలో ఒక జిరాక్సు షాపు పైన మా ఆఫీసు. ఇంకా కట్టని ఇళ్ళకు, షాపులకు కంప్యూటర్లో బొమ్మలు చేసి ఇచ్చేవాళ్ళం. ఓనరు బ్లెండర్ ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, అది ఊరికే వచ్చే సాఫ్ట్‌వేరు. నేనూ అతనూ దాన్ని పక్కపక్క కుర్చీల్లో కూర్చుని నేర్చుకున్నాం. అతనిది శ్రీకాళహస్తి. వాళ్ళ నాయన కలంకారీ బట్టలకు రంగులు కాచేవాడు. చిరివేరుతో, పటికతో ఆయన తెప్పించే ఎరుపు కోసం వేరే ఊళ్ళ నుంచి మనుషులు వచ్చేవాళ్ళట.

చిత్తూరులో పెట్టబోయే ఒక బట్టల షాపు పని వచ్చింది. మోడలింగ్, అంటే వస్తువుల ఆకారాలు కట్టే పని, అంతా అతనే చేశాడు. గల్లా, తెరలు, మెత్తలు, వెనక గోడ మీద పెద్ద పలక. ఈ నాలుగింటికీ ఒకటే ఎరుపు వేయాలనుకుని, ఒక ఆదివారం నాయనను ఆఫీసుకు పిలుచుకొచ్చాడు. ఆయన అప్పటికే దగ్గుతో చిక్కిపోయాడు. తాను చివరిగా అద్దిన బట్టముక్క ఒకటి సంచిలోంచి తీసి మానిటరు పక్కన పట్టుకున్నాడు. కొడుకు తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీటలను కొంచెం కొంచెంగా జరుపుతుంటే, ఒక్కో మీట మీద అంకె మారుతోంది.

"ఇది పచ్చి ఎరుపురా. ఇంకొంచెం ఉడకాల."

"ఇప్పుడు సూడు నాయనా."

"పొయ్యి లేదు, కట్టెలు లేవు. ఎట్ల ఉడికిస్తా ఉండావురా నువ్వు?"

అందరం నవ్వాం. మధ్యాహ్నం దాటాక ఆయన బట్టను మానిటరు తెరకు ఆనించి చాలాసేపు చూసి, "ఇదే" అన్నాడు. నా స్నేహితుడు ఆ మెటీరియల్‌కు ఇంగ్లీషు అక్షరాల్లో 'నాయన' అని పేరు పెట్టాడు.

మెటీరియల్ అంటే వస్తువు కాదు, దాని పైపూత లాంటిది. ఒకే మెటీరియల్‌ను ఎన్ని వస్తువులకైనా తగిలించవచ్చు. ఏ వస్తువూ వాడని మెటీరియల్‌ను బ్లెండర్ ఫైలులో ఉంచదు. సేవ్ చేసి మూసి మళ్ళీ తెరిస్తే అది ఉండదు. ఉండాలంటే పేరు పక్కనున్న 'ఎఫ్' బటన్ నొక్కాలి. అతను అది నొక్కిపెట్టాడు. ఈ ముక్క నేను ఏళ్ళ తరబడి దాచాను కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. అతను నొక్కిపెట్టాడు.

నెల తిరక్కముందే నాయనను ఆసుపత్రిలో చేర్చారు. అతను సెలవు పెట్టాడు. అదే వారం షాపువాళ్ళు, బొమ్మ పగటి వెలుగులో కాకుండా సాయంత్రం దీపాలు పెట్టినట్టు కావాలన్నారు.

"మోడలు ముట్టుకోవద్దప్పా. లైటు మార్చు, రంగులు సర్దు, అంతే," అన్నాడు ఓనరు.

నేను బొమ్మలో ఎండలా పడే సూర్యుడి లాంపును కిందికి వంచి, దాని బలం తగ్గించి, రంగు పసుపుకు తిప్పాను. గదంతా సాయంత్రమైంది. ఎరుపు మాత్రం మసకబారి ఇటుకపొడిలా కనిపించింది. నిజానికి రంగులో లోపం లేదు. ఆ పలక ఎదురుగా తెల్లటి లాంపు ఇంకొకటి పెట్టి ఉంటే అదే ఎరుపు వెలిగేది. నేను అంత ఆలోచించలేదు. రంగునే మార్చేద్దామనుకున్నాను.

పాతది పోకూడదన్న జాగ్రత్త మాత్రం ఉంది నాకు. అందుకే దాని మీటలు కదపకుండా, కొత్త మెటీరియల్ చేసి నాలుగు వస్తువులకూ తగిలించాలనుకున్నాను. మొదలుపెట్టే ముందు పాతదాన్ని భద్రం చేద్దామని ఎఫ్ నొక్కాను. మా వెర్షన్‌లో ఆ బటన్ నొక్కి ఉందో లేదో చూస్తే తెలిసేది కాదు. జాబితా తెరిస్తే పేరు ముందర చిన్న ఎఫ్ కనిపించేది, అంతే. నేను జాబితా తెరవలేదు. ఒకసారి నొక్కితే కాపలా పెడుతుంది, రెండోసారి నొక్కితే కాపలా తీసేస్తుంది. నాది రెండోసారి.

నాలుగు వస్తువులకూ కొత్త ఎరుపు తగిలించాను. నాలుగైదుసార్లు సేవ్ చేశాను. బ్లెండర్ పక్కన దాచే పాత ప్రతి కూడా దాంతో చెరిగిపోయింది. బొమ్మ పంపించి ఇంటికి పోయాను.

రెండు రోజుల తర్వాత పొద్దున ఫైలు తెరిచి జాబితా చూస్తే 'నాయన' లేదు. పాత ఫైళ్ళు దాచే ఆఫీసు సీడీలు వెదికాను. వాటిలో ఉన్నది ఆ రంగు పుట్టకముందటి ఫైలు. పాత బొమ్మలో ఎరుపు కనిపిస్తోంది కానీ అది వెలుగూ నీడా పడిన ఎరుపు. ఒక్కో చోట ఒక్కో రకం. మీటలు ఏ అంకెల దగ్గర నిలిచాయో అందులోంచి తీయలేం.

ఆ వెదుకులాటలో ఉండగానే ఫోను వచ్చింది, నాయన పోయాడని.

ఓనరూ నేనూ బస్సులో శ్రీకాళహస్తికి వెళ్ళాం. పాడె కట్టారు. నా స్నేహితుడు లోపలికి పోయి ఆ బట్టముక్క తెచ్చి నాయన రొమ్ము మీద పరిచాడు. వాళ్ళ పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఆయన చేతి గుర్తురా అబ్బోడా. పెట్టుకో."

"పోనీలే పెద్దమ్మా, ఆయన పని ఆయనతోనే పోనీ. రంగు నాకాడ ఉండాదిలే." అని నా వైపు తిరిగాడు. "మన ఫైల్లో ఉండాది కదప్పా?"

ఉందన్నట్టు నేను తల ఊపాను.

అంత మంది మధ్యలో, ఆ ఏడుపుల్లో, ఒక్క మాట అంటే చాలు, ఆ బట్ట మిగిలేది. దాన్ని మళ్ళీ మానిటరు పక్కన పట్టుకునేవాళ్ళం. కాలే దాకా నిలబడి చూశాను.

పద్నాలుగు రోజులకు ఆఫీసుకు వచ్చాడు. గుండు మీద టోపీ. కూర్చోగానే ఫైలు తెరిచాడు. జాబితా పైకీ కిందికీ తిప్పాడు.

"నాయన యాడప్పా?"

"కొత్త రంగు ఏసినా గదా. పాతది పోయినట్టుండాది," అన్నాను. తర్వాత నా నోటి నుంచి ఈ మాట వచ్చింది: "నువ్వు ఎఫ్ నొక్కలేదేమో."

అతను జాబితాను ఇంకోసారి పైనుంచి కిందిదాకా తిప్పాడు. "నొక్కినట్టే గుర్తబ్బా," అన్నాడు మెల్లగా. ఫైలు మూసేసి, "ఏమో. ఆ పొద్దు నాయన దగ్గుతా ఉంటే నీళ్ళకి లేసిపోయినా. మర్సిపోయుంటా," అన్నాడు.

నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. నాకోసం తన జ్ఞాపకాన్నే తప్పని ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరం ఎన్నో ఏళ్ళు కలిసి పనిచేశాం. పోయిన ఏడాది గుండె ఆగి అతను పోయాడు. పలకరించడానికి వెళ్తే అతని భార్య ఒక నోటుబుక్కు తెచ్చి, "ఇదేందో మీకన్నా తెలుస్తాదా అన్నా?" అని అడిగింది.

పేజీ నిండా వరసలు. ఒక్కో వరసలో మూడు అంకెలు, చుక్క తర్వాత మూడేసి స్థానాలు. ప్రతి వరస చివర 'కాదు' అని రాసుంది. అరవై పేజీల దాకా అంతే. ఒక చోట మాత్రం 'దగ్గర' అని రాసి, మళ్ళీ కొట్టేసి, 'కాదు' అని రాశాడు.

"రంగులమ్మా," అన్నాను.

"వాళ్ళ నాయన రంగా? నేనే పోగొట్టినా అని శానాసార్లు అంటా ఉండె."

అప్పుడూ నేను చెప్పలేదు. కాఫీ తాగి వచ్చేశాను.

అమ్మా, అతను పోగొట్టలేదు. నేను ఎఫ్ నొక్కిన ఆ పొద్దు, అతను అరవై పేజీలు వెదికిన మూడు అంకెలూ నా కళ్ళ ముందరే ఉన్నాయి. పక్కన పెన్ను కూడా ఉంది.