పక్క ప్లాటు మొరం, మా మగ్గం గుంతల నీళ్లు

చౌటుప్పల్‌ల మా ఇంటికి పడమర పక్క ప్లాటు శానా ఏండ్లు ఖాళీగనే ఉండె. వాన పడితే రెండు జాగల నీళ్లు ముందటి రోడ్డు మోరిల కలిసేవి. పట్నం నుంచి ఒక సారు ఆ ప్లాటు కొని, ఇల్లు కట్టే ముందు టిప్పర్లకొద్ది మొరం పోయించి నడుమెత్తు లేపిండు. వాస్తు ప్రకారం వాలు తూర్పుకుండాలెనట. ఆయనకు తూర్పున ఉన్నది మేము.

మొదటి పెద్ద వానకే ఆయన ప్రహరి గోడ కింద పెట్టిన పైపు నుంచి నీళ్లు మా వాకిట్లకు దుంకి, బాపు కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంతల నిండినయి. సగం నేసిన చీర రంగు దిగింది.

బాపు పోయి అడిగితే ఆ సారు చాయ్ తెప్పించి మరీ మర్యాదగ చెప్పిండు. "నీళ్లు కిందికే వస్తయి గదా పెద్దాయనా. మీ జాగ కిందున్నది, నేనేం చేస్త?"

"మొన్నటిదాక కింద లేకుండె సారూ."

"మీరు గూడ మొరం పోసుకోండ్రి."

ఇల్లు, మగ్గం అందాక ఎవరన్న ఎత్తి పట్టుకుంటే ఆ ముచ్చట గూడ చూద్దుము. మున్సిపాలిటోళ్లు వచ్చి చూసి, ఇది సివిల్ తగాద, కోర్టుకు పోండ్రన్నరు. పోయినం.

వకీలమ్మ అంతా విని, "తనంత తాను పారొచ్చే వాన నీళ్లను కింది జాగోళ్లు ఆపొద్దు, అది నిజమే. కానీ ఈయన మట్టి పోసి వాలు తిప్పిండు, పైపు పెట్టి మీ మీదికి వదిలిండు. ఆ హక్కు ఆయనకు లేదు," అన్నది. పైపు తీయించి, నీళ్లు రోడ్డు దిక్కు మళ్లించాలెనని, ముందు ముందు మా మీదికి వదలొద్దని, నష్టపరిహారం ఇప్పియ్యాలెనని దావా ఏసింది. కేసు తేలేదాక ఆపమని మధ్యంతర ఉత్తర్వు కోసం వేరే పిటిషన్ పెట్టింది.

జాగ చూసి రాసుకరమ్మని కోర్టు ఒక వకీలును కమిషనర్‌గ పంపింది. ఆయన వచ్చేనాడు ఎండ దంచుతున్నది. సారు అంతకుముందే పైపు మూతికి సిమెంటు పెట్టించిండు.

"ఇక్కడ పైపే లేదు," అన్నడు సారు.

కమిషనర్ ఏలు పెట్టి చూసిండు. ఏలు దిగబడ్డది. తడి సిమెంటని రాసుకున్నడు. రెండు జాగల ఎత్తు గూడ కొలిపించిండు.

మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. తర్వాత లోక్ అదాలత్‌ల రాజీ అయినం. మొరం మొత్తం తీసుడు కాకుండ, ఆయన ఖర్చుతోనే మా దిక్కు అడ్డుగోడ, దాని లోపల ఆయన జాగలనే రోడ్డు మోరి దాక కాలువ. మాట తప్పితే కోర్టు డిక్రీ లెక్కనే అమలు చేయించొచ్చన్నరు. బాపు సంతకం పెట్టి నేరుగ మగ్గం కాడికి పోయిండు.

మరుసటేడు మున్సిపాలిటీ సీసీ రోడ్డు ఏసింది, ఆయన గేటు ముందట సారు మొరం కంటె జానెడెత్తు, మా గడప కాడికి వచ్చేసరికి పాత ఎత్తే. మోరి గూడ పైకి లేపిన్రు గాని, ఆయన కాలువను దాంట్ల కలపలే. పోయే తోవ లేక వాన నీళ్లు ఆయన హాల్లకే పోయినయి.

పొద్దుగాలనే సారు వచ్చి మా గడప ముందు నిలబడ్డడు, ప్యాంటు మోకాళ్ల దాక తడిసి.

"మీ వకీలమ్మ ఫోన్ నంబరు జర ఇస్తరా?"

బాపు చాయ్ తెప్పించిండు.