మూడో గోడౌన్ పక్కన పెట్టిన టిక్కు

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నది. లోపలికి అడుగుపెట్టని గోడౌన్ పక్కన టిక్కు పెట్టి, కింద సంతకం చేశాను. పెన్ను కాగితం మీద రెండు క్షణాలు కూడా ఆగలేదు.

మార్చి ముప్పై ఒకటి. మాచర్ల రోడ్డులో ఉన్న పత్తి మిల్లుకు నేను ఆడిటర్ని. సంవత్సరం చివరి రోజున మిల్లులో ఎన్ని బేళ్లు ఉన్నాయో వాళ్లు లెక్కపెడుతుంటే పక్కన నిలబడి చూడటం, నేను స్వయంగా కొన్ని లెక్కపెట్టి సరిచూడటం నా పని. పుస్తకంలో తొమ్మిది వందల బేళ్లున్నాయి. ప్రతి బేలుకీ, దాన్ని నొక్కి కట్టిన ప్రెస్సులో వేసిన నంబరు ఉంటుంది. పుస్తకంలోంచి కొన్ని నంబర్లు తీసుకుని గోడౌన్లో వెతకాలి. లేనిది ఉన్నట్టు రాశారేమో దాంతో తెలుస్తుంది. తర్వాత గోడౌన్లో కనబడ్డ కొన్ని నంబర్లు పుస్తకంలో ఉన్నాయో లేదో చూడాలి. ఉన్నది రాయకుండా వదిలేశారేమో దాంతో బయటపడుతుంది. మొదటి రెండు గోడౌన్లలో ఈ రెండు పనులూ ఒళ్లు వంచి చేశాను. ఐదు వందల బేళ్లూ సరిపోయాయి.

మూడోది గుమ్మం దాకా నిండి ఉంది. ఎదురుగా పది బేళ్ల వెడల్పు, ఐదు బేళ్ల ఎత్తు. లోపలికి ఎన్ని వరుసలున్నాయో చూడాలంటే పైకెక్కి పాకాలి, లేదా హమాలీల చేత ముందు వరుస తీయించాలి. ఎండ మండిపోతోంది. హమాలీలు అప్పటికే తువ్వాళ్లు దులుపుకుంటున్నారు.

"ఎనిమిది వరుసలబ్బాయ్" అన్నాడు మిల్లు యజమాని. మా నాన్నతో కలిసి చదువుకున్న పెద్దాయన. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. "పది ఐదులు యాభై, ఎనిమిది యాభైలు నాలుగొందలు. పుస్తకంలో ఏముందో చూసుకో."

పుస్తకంలో నాలుగు వందలే ఉంది.

"ఒక వరుస తీయిస్తే బాగుంటుంది బాబాయ్."

"తీయిస్తాలే. మళ్లీ పేర్చే కూలి నీ ఫీజులో పట్టుకుంటా. అన్నం చల్లారిపోతాంది, రా."

నవ్వాను. మా ప్రాంతంలో సరుకును గుమ్మం దగ్గర నిలబడి గుణించి చెప్పటం అందరికీ అలవాటే. మిరపకాయ బస్తాలైనా, పత్తి బేళ్లైనా వెడల్పూ ఎత్తూ చూసి, లోతు యజమాని నోటితో విని రాసుకుంటారు. నేనూ అలాగే రాశాను. లెక్క కాగితం మీద ఆయనా నేనూ సంతకాలు చేశాం. దాని నకలు ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది.

సెప్టెంబరులో ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే వారం, మిల్లు యజమాని తమ్ముడి భార్య నరసరావుపేటలోని మా ఆఫీసుకు వచ్చింది. తమ్ముడు పోయి మూడేళ్లయింది. కంపెనీలో భర్త వాటా ఆమె పేరు మీదికి వచ్చింది గానీ మిల్లు వ్యవహారాలేవీ ఆమెకు చెప్పరు. కోర్టు రోడ్డులో ఆమెకు రెండు షట్టర్ల షాపు ఉంది. ఆ అద్దెతోనే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది.

"బ్యాంకు లోను రెన్యువల్‌కి షాపు కాగితాలు పెట్టి హామీ సంతకం చెయ్యమంటన్నాడు సార్ మా బావగారు. సోమవారం బ్యాంకుకు రమ్మన్నాడు. ఆడిట్ అయిపోయింది, అంతా క్లీన్ అన్నాడు. ఆడిట్ అయిందంటే లెక్కలన్నీ నిజమనేగా?"

ఈ ప్రశ్నకు నేను పాతికేళ్లుగా ఒకే జవాబు చెబుతున్నాను. ఆ రోజూ మొదలుపెట్టాను. "ప్రతి కాగితం, ప్రతి బేలు మేం చూడలేమమ్మా. తప్పు ఎక్కడ జరిగే అవకాశం ఎక్కువో ముందు ఆలోచిస్తాం. అక్కడ ఎక్కువ చూస్తాం, మిగతా చోట్ల కొన్ని తీసి చూస్తాం. చూసినదాన్ని బట్టి, లెక్కల్లో మనిషి నిర్ణయాన్ని మార్చేంత పెద్ద తప్పు లేదని గట్టి నమ్మకం కుదిరితేనే సంతకం పెడతాం. అది గట్టి నమ్మకమే, నూటికి నూరు కాదు. లోపల నలుగురు కలిసి దాచిపెడితే, మేం సరిగ్గా పని చేసినా కంటపడకపోవచ్చు."

ఆమె శ్రద్ధగా విన్నది. "మీరు సరిగ్గా పని చేసినా అంటన్నారు. చేశారుగా మరి?"

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అవునో కాదో తెలుసుకుని ఇంటికి పోదామని అడిగింది. నా బల్ల మీద ఆ మిల్లు ఫైలే తెరిచి ఉంది. మూడో గోడౌన్ పక్కన నా టిక్కు కనబడుతోంది.

ఒక క్లయింటు విషయాలు ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదు. నా అనుమానాన్ని ఆమె ముందు పెట్టలేను. పైగా అప్పటికి అది అనుమానం కూడా కాదు, నా సిగ్గు మాత్రమే. "నా సంతకం ఇంకా కాలేదమ్మా" అన్నాను. "వాటాదారుగా రిపోర్టు మీకు వస్తుంది. అది చేతికొచ్చి, చదువుకునేదాకా మీ సంతకం ఆపండి. ఇంతకంటే నేను చెప్పకూడదు."

ఆమె షాపు కాగితాల కవరు ఒళ్లోంచి తీసి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ముందు కబురు చేయకుండా మిల్లుకు వెళ్లాను. మార్చిలో చేయని లెక్కను ఇప్పుడు చేసి వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు. ఇవాళ ఉన్నవి లెక్కపెట్టి, మధ్యలో అమ్మినవి కలిపి, మధ్యలో తయారైనవి తీసేస్తే మార్చి చివర ఎన్నున్నాయో తేలుతుంది. మార్చి తర్వాత ప్రెస్సు నడవలేదని రిజిస్టరూ కరెంటు బిల్లులూ చెబుతున్నాయి. బిల్లుల ప్రకారం ఐదు వందల బేళ్లు అమ్ముడుపోయాయి. నాలుగు వందలు ఉండాలి.

మొదటి రెండు గోడౌన్లు ఖాళీ. మూడోది మార్చిలో లాగే గుమ్మం దాకా నిండి ఉంది. ఈసారి చెప్పులు విప్పి, బేళ్ల మీదికి ఎక్కాను. పైకప్పు రేకు వీపుకు తగులుతుంటే పాకుతూ వెళ్లాను. మూడు వరుసలు దాటాక చేతికి ఏమీ తగల్లేదు. ఫోను లైటు కిందికి వేశాను. గోడ పక్కన ముప్పై బేళ్లు పేర్చి ఉన్నాయి. మిగిలినదంతా సిమెంటు నేల.

నూట ఎనభై. రెండు వందల ఇరవై లేవు.

కిందికి దిగేసరికి ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నా చొక్కా నిండా దూది.

"చానా కష్టపడ్డావబ్బాయ్. మార్చిలో అంత కష్టపడలా."

"రెండొందల ఇరవై ఎక్కడున్నాయి బాబాయ్?"

"వేరే గోడౌన్లో ఉండాయి."

"ఆ గోడౌన్ వాళ్ల దగ్గర్నుంచి నేరుగా నాకు రాతపూర్వకంగా రావాలి. లేదా ఇప్పుడే పోయి చూద్దాం."

ఆయన కుర్చీలోంచి కదల్లేదు. నేను ఆఫీసు గదిలోకి వెళ్లి, లారీల తూకం రాసే కాటా చీటీల పుస్తకం అడిగాను. కాసేపటికి ఆయనా వచ్చి కూర్చున్నాడు. ఫిబ్రవరిలో రెండు లారీలు నిండుగా కాటా ఎక్కి బయటికి పోయాయి. వాటికి బిల్లులు లేవు. లారీకి నూట పది. ఆ పేజీ చూపించాక ఆయన గొంతు తగ్గింది. మిరపకాయ వ్యాపారంలో పోగొట్టుకున్నాడట. రెండు లోడ్లు బిల్లు లేకుండా అమ్మి అక్కడ సర్దాడట. స్టాకు తగ్గితే బ్యాంకు లోను తగ్గిస్తుందని పుస్తకంలో ఉంచేశాడట.

"లెక్కలు సరిచెయ్యండి. అమ్మినట్టు రాయండి, స్టాకులోంచి తీసేయండి."

"తీసేస్తే లోను రాదు. లోను రాకపోతే అక్టోబర్లో పత్తి కొనలేను." ఆయన లేచి బీరువాలోంచి కాగితం తీశాడు. "ఇది ఎవరి సంతకమబ్బాయ్? మార్చిలో నాలుగొందలు చూశానని రాసిచ్చావుగా. ఇప్పుడు లేవంటే ఎవరి పరువు పోద్ది, నాదొక్కడిదేనా?"

ఆ రోజు దూది అంటిన చేతులతో నిలబడి, ఆ సంతకం నాది కాదని చెప్పగలిగితే బాగుండునని నిజంగానే అనుకున్నాను. ఇంకా ఘోరమైన ఆలోచనలు కూడా వచ్చాయి. గట్టి నమ్మకమే గానీ నూటికి నూరు కాదు అన్న మాట వెనక దాక్కోవచ్చు. దాచిపెడితే మాకు తెలియదని రాయొచ్చు. కానీ ఆ మాట పని చేసినవాడికి మాత్రమే నీడ. నేను గుమ్మం దాటలేదు.

"నాదే బాబాయ్" అన్నాను. "తప్పు సంతకం. ఆ మాట ఫైల్లో రాస్తాను."

"రాస్తే నీ పేరు పోద్ది."

"పోతుంది."

చివరికి మా నాన్న పేరు ఎత్తాడు. నేను వచ్చేశాను.

ఆఫీసులో పాత కాగితాన్ని చింపలేదు, టిక్కు కొట్టేయలేదు. దాని వెనక ఆ రోజు తేదీతో కొత్త కాగితం పెట్టాను. మార్చిలో మూడో గోడౌన్‌లోకి వెళ్లలేదనీ, లోతు యజమాని చెబితే రాశాననీ, ఇప్పుడు ఏం చేశానో, ఏం తేలిందో అన్నీ రాశాను. చట్టం చెప్పినట్టు మోసం సంగతి కంపెనీ బోర్డుకు ఉత్తరంగా పంపాను. బోర్డంటే ఆయనా, ఆయన కొడుకూ.

తర్వాత అసలు ప్రశ్న మిగిలింది. ఏ అభిప్రాయం ఇవ్వాలి? ఒకచోట అబద్ధం చెప్పిన మనిషి మిగతా చోట్ల చెప్పినవి ఎలా నమ్మాలి? బ్యాంకు నుంచీ, బాకీదార్ల నుంచీ నేరుగా మళ్లీ ధ్రువీకరణలు తెప్పించుకున్నాను. యంత్రాల జాబితా పట్టుకుని మిల్లంతా తిరిగాను. పత్తి కొనుగోళ్ల చీటీలు ఇంకో కట్ట విప్పాను. అవన్నీ నిలబడ్డాయి. ఆ తప్పు మిగతా లెక్కలన్నిటికీ పాకి ఉంటే, ఈ లెక్కలు నిజమైన స్థితిని చూపడం లేదని నేరుగా రాయాల్సి వచ్చేది. సరిపడా ఆధారాలే దొరక్కపోతే అభిప్రాయమే చెప్పలేనని రాసేవాణ్ని. ఆయన సరిచేసి ఉంటే మామూలు రిపోర్టే ఇవ్వగలిగేవాణ్ని. ఆధారాలున్నాయి, తప్పు పెద్దది, కానీ అది ఒక చోటే ఉంది. అందుకని ఈ ఒక్క విషయం తప్ప మిగతా లెక్కలు సరిగ్గా ఉన్నాయని రాశాను. ఆ విషయమేమిటో, దానివల్ల స్టాకూ లాభమూ ఎంత మారతాయో రిపోర్టులో వేరే పేరాగా పెట్టాను. ఆయనకు చివరిసారి అవకాశమిచ్చాను. సరిచేయలేదు. సంతకం పెట్టాను.

వాటాదారుల సమావేశం మిల్లు ఆఫీసు గదిలోనే జరిగింది. ఆయన, కొడుకు, ఆమె, నేను. ఆమె రిపోర్టును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చింది. ఆ పేరా పక్కన పెన్సిలు గీత ఉంది.

"ఇది తెలుగులో చెప్పండి సార్."

చెప్పాను. రెండు వందల ఇరవై బేళ్లు పుస్తకంలో ఉన్నాయి, మిల్లులో లేవు. విలువ అరవై లక్షలకు దగ్గర. తర్వాత రిపోర్టులో లేని మాట ఒకటి చెప్పాను. "మార్చిలో నేను లోపలికి వెళ్లి చూడలేదమ్మా. చూసినట్టు సంతకం పెట్టాను. అది నా తప్పు."

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. ఆమె పెన్సిలు గీత మీద వేలు పెట్టి అడిగింది. "మీరు అప్పుడే పోయి చూసుంటే, మా బావగారు నన్ను షాపు అడిగేవాడా?"

"ఏమోనమ్మా. అప్పుడే తెలిసేది."

ఆమె కవరు మడిచి సంచిలో పెట్టుకుంది. "బావగారూ, షాపు మీద నేను సంతకం చెయ్యను. పిల్లల ఫీజులున్నాయి" అంది. గొంతు పెద్దది చేయలేదు.

మిల్లు ఆ సీజన్లో సగమే నడిచింది. ఆయన నాతో ఇప్పటికీ మాట్లాడడు. నేను ఆ ఆడిట్ మళ్లీ తీసుకోలేదు. మార్చి ఆడిట్ ఫీజు వెనక్కి పంపితే తిరుగు టపాలో వచ్చింది.

ఆ తర్వాత వారం రోజులు కొత్త పనేమీ ముట్టుకోలేదు. మిగతా క్లయింట్ల ఫైళ్లన్నీ దించి, గుమ్మం దగ్గర గుణించి పెట్టిన టిక్కుల కోసం వెతికాను. ఏడు దొరికాయి. ఒక్కొక్కదాని వెనకా నిజం రాసిన కాగితం పెట్టి, ఒక్కొక్క యజమానికీ ఫోను చేసి, మళ్లీ లెక్కపెట్టడానికి వస్తున్నానని చెప్పాను. మొదటిది నాదెండ్లలో మిరపకాయ గోడౌన్. ఎందుకని ఆ గోడౌన్ యజమాని అడిగితే, పోయినసారి నేను లోపలికి రాలేదని చెప్పాను. నిచ్చెన నేనే తెచ్చుకుంటానన్నాను.