ఆకుపచ్చ సిరాలో రొట్టె

సూర్యాపేటలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే సరోజన మేడంకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. నిడమనూరులో చిన్నప్పుడు వడ్లు తూస్తుంటే తండ్రి పక్కన నిలబడి కాంటా వైపే కన్నార్పకుండా చూసేదట. యాభై దాటినా ఆ చూపు పోలేదు. భర్త భిక్షపతి ఫోను పెట్టేయగానే “ఎవరు? ఎందుకు? ఇప్పుడే ఎందుకు?” అని నిలదీస్తుంది. “నన్నుగూడ పరీక్షకు కూసోబెడ్తవా?” అంటాడాయన.

పాఠం చెప్పే తీరూ అంతే. విప్లవం ఎందుకొచ్చిందంటే ఒక్క కారణం చెప్పి తప్పించుకోనివ్వదు. ఏళ్ల తరబడి పేరుకున్నవి ఆకుపచ్చ పెన్నుతో రాయాలి. ఏడాది రెండేళ్లలో ముంచుకొచ్చినవి నీలంతో. ఆ రోజున నిప్పంటించినది ఎర్రతో. ఫ్రాన్సులో పెద్దలకు పన్నుల మినహాయింపు, భారమంతా సామాన్యుల నెత్తిన పడటం ఆకుపచ్చ. రాజు ఖజానా దివాలా తీయడం, 1788 వడగళ్లకు పంట పోయి రొట్టె ధర పెరగడం నీలం. మరుసటి ఏడు జూలైలో జనం నమ్మిన మంత్రిని రాజు తీసేయడం, పారిస్ చుట్టూ సైన్యం దిగడం ఎరుపు. “ఎర్రది లేకున్నా ఇంకోనాడు ఇంకో నిప్పు పడేదేమో. ఆకుపచ్చది లేకుంటే ఏ నిప్పూ అంటుకోదు” అంటుంది.

ఈ రంగుల వల్ల పేపర్లు దిద్దడం తేలిక. ముందు సిరా చూస్తుంది, రంగు తప్పితే మార్కు కోసేస్తుంది, ఆ తర్వాతే చదువుతుంది. తీరిక లేనప్పుడు చదవడం వెనక్కి పోతుంది. ఈసారి ఇంటర్నల్ పేపర్లు అలాగే దిద్దింది.

రెండు పేపర్లలో రొట్టె ఆకుపచ్చలో ఉంది. క్లాసు మొత్తంలో ఆ రెండింట్లోనే. ఒకటి కోదాడ నుంచి వచ్చే వెంకట్‌ది, రెండోది హాలియా దగ్గరి తండా నుంచి వచ్చి ఇక్కడి హాస్టల్లో ఉండే సాలిది. ఇద్దరిదీ ఒకే బెంచి. కాపీ కొట్టినవాళ్ల పేర్లు రాసే పుస్తకం కాలేజీలో ఉంది. అందులో పేరెక్కితే ఆ పేపరు పోతుంది, హాస్టల్ సీటూ పోతుంది. సరోజన పుస్తకం తెరిచి ముందు సాలి పేరే రాసింది. ఆ తర్వాత ఇద్దరినీ స్టాఫ్ రూముకి పిలిపించింది.

“సాలీ, ఎవరిది జూసి రాసినవ్?”

“ఎవల్ది సూల్లే మేడం.”

“మరి రొట్టె ఆకుపచ్చల ఎందుకున్నది?”

“గది పాతదే గద మేడం.”

“విప్లవానికి ముందటేడు పోయిన పంట పాతదెట్ల అయితది?”

“నేను పంట గురించి రాయలే. ఒక్కపారి సదువున్రి.”

సరోజన విసుగ్గా పేపరు దగ్గరికి లాక్కుని, మొదటిసారిగా ఆ వాక్యం పూర్తిగా చదివింది. ‘మామూలు ఏళ్లలోనూ కూలివాళ్ల సంపాదనలో సగం దాకా రొట్టెకే పోయేది, తరతరాలుగా అదే బతుకు.’ ఇది ఆకుపచ్చలో. కింద నీలంలో ‘1788లో పంట పోయి రొట్టె ధర ఇంకా పెరిగింది.’ రెండు వేరు వేరు సంగతులు. ఇన్నేళ్లుగా తాను రెండింటినీ కలిపి ఒకే నీలంలో చెబుతోంది.

వెంకట్ పేపరు తీసింది. ‘1788లో పంట పోయి రొట్టె ధర పెరిగింది.’ ఆకుపచ్చలో. అంతే.

“వెంకట్, ఒక్క ఏడు సంగతి ఆకుపచ్చలో ఎందుకు రాసినవ్?”

“అదీ... చాలా ముఖ్యమైన కారణం కదండీ మేడం.”

“ముఖ్యమైనదానికి ఆకుపచ్చనా, ఎప్పటినుంచో ఉన్నదానికా?”

వాడు చెప్పులకేసి చూశాడు. ముక్కు చివర చెమట. “రొట్టె దగ్గర ఆ పిల్ల ఆకుపచ్చ పెన్ను తీసింది మేడం. నేనూ తీశాను.”

“పెన్ను మార్చుడు చూసినవ్ గాని వాక్యం చూడలేదన్నమాట. పో, బయట కూసో.”

వాడు వెళ్లాక సరోజన పుస్తకంలో సాలి పేరు కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది. “కోసిన మార్కు మళ్ల కలుపుత. ఇగ పో.”

సాలి కదల్లేదు. “ముందుగాల నన్నే ఎందుకు అడిగిన్రు మేడం?”

“ఇద్దరి రంగూ ఒక్కతీరుగ ఉన్నది. పక్కపక్కనే కూసున్నరు.”

“గవి ఎర్రది, నీలంది. నేను ఆకుపచ్చది అడుగుతున్న.”

ఎవరినైనా మూడు ప్రశ్నలకు నిలబెట్టే మనిషి పేపర్లు సర్దింది, మళ్లీ చెదరగొట్టింది. చివరికి మెల్లగా అంది. “తండా పిల్లవని. వాడు కాన్వెంటుల చదివొచ్చిండని. గంతే.”

“గది రాసియ్యున్రి.”

“ఏది?”

“నేను కాపీ గొట్టలేదని. నా పేరు కొట్టేసిన్రు గాని కిందికెల్లి కనబడ్తనే ఉన్నది. రేపు ప్రిన్సిపాల్ సారు సూస్తే ఏమనుకుంటడు?”

సరోజన ఆ పిల్ల మొహంలోకి చూసింది. అక్కడ కోపం లేదు, నమ్మకమూ లేదు. తెల్లకాయితం తీసి మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర సాలి వంగి చూసింది.

“మేడం, తారీకు మర్సిపోయిన్రు.”